మడతలో కుంకుమ

కర్నూల్లో ఒక మొబైల్ షోరూంలో నేను మూడేళ్లు పనిచేశాను. ఖరీదైన ఫోన్ల కౌంటరు నాది. ఖరీదైనవంటే మడత ఫోన్లు. పుస్తకంలా తెరుచుకునేవి ఒక్కొక్కటి లక్షన్నర దాటేవి. మా ఇంట్లో అందరి ఒంటిమీద ఉన్న బంగారం కలిపినా అంత వచ్చేది కాదు. అలాంటి వస్తువును రోజుకు ఇరవైసార్లు చేతిలోకి తీసుకుని, తెరిచి, మూసి, నవ్వుతూ మాట్లాడాలి. నోరు నవ్వుతుంటే కళ్లు మాత్రం ఫోను పట్టుకున్న వేళ్ల మీదే ఉండేవి.

నాకంటే ముందు ఆ కౌంటర్లో ఒకాయన ఉండేవాడట, ఇద్దరు పిల్లల తండ్రి. చూపించడానికి పెట్టిన ఫోను ఒకటి ఆయన చేయి జారి నేలమీద పడింది. బయట గీత కూడా పడలేదు. లోపలి తెర మాత్రం సగం నల్లబడిపోయింది. కొన్ని నెలలు జీతంలో కోసుకుని, ఆ తర్వాత రావద్దన్నారు. ఈ కథ నేను చేరిన మొదటిరోజే మేనేజరు నాకు చెప్పాడు. జాగ్రత్త చెబుతున్నట్టే చెప్పాడు గానీ, నాకు ఆరోజు అన్నం సహించలేదు.

నాది ఓర్వకల్లు దగ్గర పల్లె. నన్ను ఉద్యోగానికి పంపడానికి మా నాయన ఒప్పుకునేసరికి ఏడాది పట్టింది. పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు రావాలి. ఎక్కడ చిన్న తప్పు దొర్లినా "ఇంగ చాల్లే, ఇంట్లో ఉండు" అనడానికి ఆయన కాచుకుని ఉన్నాడు. కాబట్టి ఉద్యోగం పోవడమంటే నాకు జీతం పోవడం ఒక్కటే కాదు. మళ్లీ ఆ గడప దాటడం ఉండదు. ఈ భయం లేకుండా నేను ఆ షోరూంలో ఒక్కరోజు కూడా గడపలేదు. ధైర్యవంతురాలినని చెప్పుకోవాలని నాకూ ఉంది, కానీ ఈ సంగతి రాస్తూ అబద్ధం ఎలా చెప్పను?

వేసవిలో ఒక పొద్దున, అప్పుడే తలుపులు తీసిన వేళ, భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు పత్తికొండ టమోటా మార్కెట్లో మండీ ఉంది. రైతులు తెచ్చిన కాయను వేలం పాడించి కమీషను తీసుకునే వ్యాపారం. యాభై దాటి ఉంటాయి. తెల్లచొక్కా, చేతికి రెండు ఉంగరాలు, గొంతు మాత్రం ఇంకా వేలంపాటలోనే ఉన్నట్టుంది. ఆమె ఆయన వెనకాలే నిలబడింది. సన్నగా, నల్లగా, కళ్లు చురుగ్గా ఉన్నాయి.

"ఏం పాపా, మడిసే ఫోన్లు యాడ ఉండాయి?" అన్నాడాయన. "మా మార్కెట్ల ఇంగొక మండీ ఆయప్ప కొనినాడు. తెరిసి తెరిసి చూపిస్తాండాడు. నాకూ ఒకటి కావల్ల."

మూడు ఫోన్లు వరసగా పెట్టాను. మొదటిది చిన్నది. తెరిస్తే మామూలు ఫోను, సగానికి మడిస్తే పౌడరు డబ్బీ అంత. దాని మూత మీద కూడా ఒక చిన్న తెర ఉంటుంది. ఫోను ఎవరు చేశారో చూడొచ్చు, ఎత్తొచ్చు, మెసేజి చదవొచ్చు. అంతకుమించి హాయిగా ఏ పని చేయాలన్నా తెరవాల్సిందే. మిగతా రెండూ పుస్తకం మాదిరివి. మూసి ఉంటే మామూలు ఫోను, తెరిస్తే పలకంత తెర.

ఆయన చిన్నదాన్ని పక్కకు నెట్టేశాడు. "ఒక సేతిలో కాయ పట్టుకోని ఉంటా. ఇంగో సేత్తో ఫోన్ ఎత్తాల. రెండు సేతులు పెట్టి తెరిసేదానికి నాకు యాడైతాది?" అన్నాడు.

మాట న్యాయమైనదే. బయటి తెరే అసలు సంగతి అని మాకు శిక్షణలో కూడా చెప్పారు. మడత ఫోను కొన్నవాళ్లు పగలంతా దాన్ని మూసే వాడతారు, తీరిక దొరికినప్పుడు తెరుస్తారు. పుస్తకం మాదిరి వాటిలో ఒకటి రెండేళ్ల కిందటిది, ధర కొంచెం తగ్గించి అమ్ముతున్నాం. దాని బయటి తెర సన్నగా, రిమోటు మాదిరిగా ఉంటుంది. ఆయన తన పేరు టైపు చేయబోతే వేలికింద రెండక్షరాలు ఒకేసారి పడ్డాయి. కొత్తదాని బయటి తెర మామూలు ఫోనంత వెడల్పు. ఆయన ముఖం వెలిగింది.

అప్పటిదాకా మాట్లాడని ఆమె చేయి చాపింది. నేను కొత్తదాన్ని తెరిచి ఇచ్చాను. మాకొక ఉపాయం నేర్పారు. తెరమీద తెల్లటి బొమ్మ పెట్టి, మనిషికి ఎదురుగా నిటారుగా పట్టుకుంటే మధ్యలో మడత గీత కనపడదు. నేను అలాగే ఇచ్చాను. ఆమె తీసుకోగానే దాన్ని ట్యూబులైటు కింద ఏటవాలుగా వంచింది. చీర కొనేటప్పుడు నేత చూసే తీరు అది.

"ఈడ గుంత ఉండాది కదా" అంది. బొటనవేలి మెత్తతో నెమ్మదిగా తడిమింది, గోరు తగలనియ్యలేదు. ఎవరూ చెప్పకుండానే గోరు తగలనియ్యలేదు.

నేను రెండింటినీ పక్కపక్కన పట్టి చూపించాను. పాతదానిలో తెర గట్టిగా మడిచిన కాయితంలా వంగుతుంది, అందుకని గుంత లోతు. కొత్తదానిలో మడిచినప్పుడు తెర లోపల కొంచెం గుండ్రంగా, నీటిబొట్టు ఆకారంలో చుట్టుకుంటుంది. మలుపు పెద్దది కాబట్టి గీత తక్కువ. అసలు లేకుండా ఏదీ ఉండదు, వాడేకొద్దీ కాస్త పెరుగుతుంది కూడా. రెండోమాట నేను మెల్లగా చెప్పాను. ఆమె విన్నది.

"మరి ఈ కీలు ఎన్నాళ్లు వస్తాది?"

"రెండు లక్షలసార్లు తెరిచి మూసి పరీక్ష చేస్తారమ్మా. రోజుకు నూరుసార్లు తెరిచినా ఐదేళ్లపైన వస్తుంది" అన్నాను. ఈ లెక్క నాకు నోటికొచ్చు.

"అట్ల తెరిసేది మిషినా?"

"అవునమ్మా."

"ఆ మిషిను పెట్టిన రూములో దుమ్ము ఉంటాదా?"

మూడేళ్లలో ఇంకెవరూ అడగలేదు ఆ ప్రశ్న. గట్టిగా మూసి తెరిచి చూసినవాళ్లున్నారు. వెనక్కి వంచితే విరుగుతుందా అని వంచబోయి నా ప్రాణం తీసినవాళ్లున్నారు. దుమ్ము గురించి ఈమె ఒక్కతే అడిగింది. "మా ఊర్ల గాలి లేసిందంటే కంచంలో మన్ను పడ్తాది. మార్కెట్ల శానా దుమ్ము. ఈ సందు చూడు, ఎంత ఉండాదో" అని మడత కాడ వేలు పెట్టి చూపించింది.

అక్కడ నేను అబద్ధం ఆడలేదు. అంతకంటే నీచమైన పని చేశాను. "దీనికి దుమ్ముకూ నీళ్లకూ రెండింటికీ రేటింగు ఉందమ్మా" అన్నాను. ఉంది. డబ్బా మీద రెండంకెలు ఉన్నాయి. రెండో అంకె నీళ్లది, ఫోను నీళ్లలో పడినా తట్టుకుంటుంది. మొదటి అంకె గట్టి వస్తువులది. అది నాలుగు. నాలుగంటే మిల్లీమీటరు కంటే పెద్దవైతే లోపలికి పోవని మాత్రమే. దుమ్ము ఎప్పుడైనా మిల్లీమీటరు ఉంటుందా? ఈ సంగతి నాకు తెలుసు. పాతదానికైతే ఆ మొదటి అంకె స్థానంలో అసలు పరీక్షే చేయలేదని గుర్తు ఉంటుంది. ఆ నెల నేను అమ్మాల్సినవి ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. మేనేజరు కౌంటరు చివర నిలబడి నన్నే చూస్తున్నాడు.

"అంత దుడ్లు పెడితే మంచి ఫోను ఒకటి, పెద్ద తెరది పలక మాదిరి ట్యాబు ఒకటి, రెండూ వస్తాయి కదా" అంది ఆమె, ఈసారి భర్త వైపు తిరిగి. "రెండూ చెడిపోవు కూడా."

నిజానికి అంతకంటే తెలివైన సలహా నేను ఇవ్వలేను. రెండూ కలిపినా ఇంకా డబ్బు మిగిలేది. మడత ఫోనుకు కట్టే ఎక్కువ ధరంతా లోపలి తెరకూ కీలుకూ, పెద్ద తెరను జేబులో పెట్టుకోగలిగే ఆ సౌకర్యానికీ. అది కావాలనుకున్నవాళ్లకు విలువుంది, వద్దనుకున్నవాళ్లకు లేదు. కానీ ఆయన అప్పటికే ఎర్రబడ్డాడు.

"నువ్వు ఊరికే ఉండు. నీకేం తెల్సు? దుడ్లు పెట్టేది నువ్వా నేనా? యాడికి పోయినా ముందు నోరు లేస్తాది నీకు" అన్నాడు. షోరూములో నలుగురు తిరిగి చూశారు. ఆమె ముఖం మారలేదు. వాన వచ్చినప్పుడు కిటికీ మూసినట్టు నోరు మూసుకుంది. అది ఆమెకు ఎప్పటినుంచో అలవాటేనని నాకు తెలిసిపోయింది.

కొత్తదే కొన్నారు. మా షోరూంలో ఒక పద్ధతి ఉంది. ఖరీదైన ఫోను అమ్మితే దండ వేసి, స్వీటు పెట్టి, ఫోటో తీసి వాట్సాపులో పెడతారు. బండి కొంటే షోరూంవాళ్లు పూజ చేసి ఇస్తారు కదా, బండి కంటే ధర ఎక్కువున్నదాన్ని ఊరికే ఎలా ఇస్తారని మా మేనేజరు వాదన. దేవుడి పటం దగ్గర కుంకుమ గిన్నె ఉంటుంది, డబ్బాకు బొట్టు పెడతాం. ఆరోజు మండీ ఆయనకు ఏదో లారీ దారిలో నిలిచిపోయిందని ఫోను వచ్చింది. మాట్లాడుతూ బయటికి వెళ్లాడు. మేనేజరు ఆలోగా ఆమెతో ఒక ఫోటో తీద్దామన్నాడు. డబ్బా కంటే ఫోనుకే పెడితే ఫోటోలో బాగుంటుందని నాకే తోచింది. ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది.

ఫోనును సగం తెరిచి, పుస్తకం నిలబెట్టినట్టు కౌంటరు మీద నిలబెట్టాను. దాని వీపు మీద కీలు పట్టీ తళతళ మెరుస్తోంది. పొడి కుంకుమ చిటికెడు తీసి సరిగ్గా అక్కడ అద్దాను.

"ఆడొద్దు పాపా, సందులోకి..." అంటూ ఆమె చేయి చాపింది.

"ఇటు చూడండమ్మా" అన్నాడు మేనేజరు. ఫోటో తీశాడు. అది నా ఫోనుతోనే తీశాడు. బొట్టు లావుగా పడిందని, ఎక్కువైన పొడి పోవడానికి నేను వంగి ఉఫ్ అని ఊదాను. సందు మీదే ఊదాను. ఆ తర్వాత బట్టతో శుభ్రంగా తుడిచి, ఫోను మూసి, లోపలికి వచ్చిన ఆయన చేతిలో పెట్టాను. ఆయనతో ఇంకో ఫోటో తీశారు. మొదటి ఫోటో ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నా ఫోనులో ఉండిపోయింది.

రెండు నెలలు దాటాక వాళ్లు మళ్లీ వచ్చారు. తలుపులోంచే ఆయన గొంతు వినిపించింది. నేను ఇంకొకరికి ఫోను చూపిస్తున్నాను. ఆయన నేరుగా వచ్చి తన ఫోను నా చెవి దగ్గర పెట్టి మెల్లగా తెరిచాడు. కరకరమని శబ్దం, బియ్యంలో రాయి పంటికింద పడినట్టు. పూర్తిగా తెరుచుకోవడం లేదు, కొంచెం వంగే ఉంది. మడత గీత పక్కన తెర కింద చిన్న ఉబ్బు. ఆ ఉబ్బు దగ్గర మొదలై ఒక నల్లగీత పైనుంచి కిందిదాకా పాకింది. గీతకు కుడివైపు తాకితే ఏమీ పలకడం లేదు.

"లక్షా అరవై వేలు. రెండు లక్షలసార్లు అంటివే. రెండు వేలసార్లన్నా తెరిసినానో లేదో" అన్నాడు.

అమ్మినదాన్ని నేనే కాబట్టి సర్వీసు సెంటరుకు వాళ్లతో నన్నే వెళ్లమన్నాడు మేనేజరు. అది పక్క సందులో, రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటే ఆయన ముందు, ఆమె మధ్యలో, నేను వెనక. ఏమై ఉంటుందో నాకు అప్పటికి తెలియదు. కానీ ఏదో నాదే తప్పై ఉంటుందని నా ఒళ్లు ముందే ఒప్పేసుకుంది. నాకంటే ముందు కౌంటర్లో పనిచేసిన ఆ ఇద్దరు పిల్లల తండ్రి గుర్తొచ్చాడు. ఇంటికి వెళ్లి ఏం చెప్పాలో మాటలు కూర్చుకోవడం కూడా మొదలుపెట్టాను.

మరమ్మతు చేసే ఆయన నెమ్మదస్తుడు. వెనక అద్దం వేడిచేసి తీసి, స్క్రూలు ఒక్కొక్కటి అయస్కాంతం పలక మీద పెట్టుకుంటూ, కీలు పట్టీ విప్పాడు. భూతద్దం కిందకు జరిపి, మా వైపు చిన్న తెరలో కనపడేట్టు తిప్పాడు. కీలులో పళ్లచక్రాలు ఉన్నాయి, వాటి అంచుల్లో సన్నటి కుచ్చులు. దుమ్మును ఊడ్చడానికి అవి. ఆ కుచ్చుల నిండా ఎర్రపొడి.

"లోపలికి దుమ్ము పోయింది సార్. తిరిగే చోట పేరుకుని, తెర కిందికి కూడా చేరింది. మూసినప్పుడల్లా కింద నుంచి గుచ్చి గుచ్చి తెర పాడైంది" అన్నాడు. "ఇది వారంటీలోకి రాదు. లోపలి తెర, కీలు, చట్రం అన్నీ కలిపి ఒకటే ముక్కగా వస్తాయి, మొత్తం మార్చాల్సిందే. ఫోను ధరలో మూడోవంతు దాకా అవుతుంది."

"మా మార్కెట్ మన్నా?" అన్నాడాయన.

మరమ్మతాయన దూది పుల్లతో కొంచెం పొడి తీసి తడిచేశాడు. దూదికి మన్ను రంగు అంటలేదు, చిక్కటి ఎరుపు తేలింది. "మన్ను కాదు సార్. కుంకుమ మాదిరి ఉంది."

కౌంటరు అంచు పట్టుకున్నాను. ఆ ఉఫ్ అని ఊదిన ఊపిరి ఇంకా నా నోట్లోనే ఉన్నట్టనిపించింది. ఇక అయిపోయింది, ఇప్పుడు ఆయన నా వైపు తిరుగుతాడు అనుకున్నాను. ఆయన తిరిగాడు, కానీ భార్య వైపు.

"సూసినావా! శుక్రవారం వస్తే సాలు, మోటరు స్టాటరుకు కుంకుమ, కాటాకు కుంకుమ, ఫ్రిజ్జుకు కుంకుమ. ఫోనుకూ పెట్టినావా? నీ భక్తి మంట్లో పోను! లచ్చల వస్తువు నాశనం చేసినావు కదే!"

సర్వీసు సెంటర్లో పదిమంది దాకా ఉన్నారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు తలలెత్తారు. ఆమె తలెత్తి మొదట ఎవరిని చూసిందో నాకు తెలుసు. నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. అడగడం కూడా లేదు. ఒక క్షణం నా మెడలో వేలాడుతున్న షోరూం గుర్తింపు కార్డు మీద ఆమె కళ్లు నిలిచాయి. తర్వాత తల దించుకుంది.

"నేనే పెట్టినా" అంది.

నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది ఊరట. బతికిపోయాను అనుకున్నాను. ఇది నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. సిగ్గు వచ్చింది గానీ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం ఊరటే.

ఆయన ఆగలేదు. ఆమె పుట్టింటివాళ్లను అన్నాడు, చదువు లేదన్నాడు, పెళ్లైన కొత్తలో ఎప్పుడో మాడ్చిన పాలగిన్నె దాకా వెళ్లాడు. ఎదురుగా నిలబడిన పరాయివాళ్లకు ఆమె తెలివితక్కువతనం వివరించాడు. ఆ షోరూంలో అడుగుపెట్టిన అందరిలోకీ మడత ఫోను గురించి సరైన ప్రశ్న అడిగిన ఒకే ఒక మనిషి తెలివి గురించి ఆయన అలా మాట్లాడుతుంటే, నేను రెండడుగుల దూరంలో నోరు కట్టేసినట్టు నిలబడ్డాను. చెప్పు, చెప్పు అని లోపల ఒకటి, చెబితే బస్సెక్కి ఇంటికే అని ఇంకొకటి. నా కాళ్లు ఆ రెండోదాని మాటే విన్నాయి.

మరమ్మతాయన ఏం చేయమంటారని అడిగాడు. "ఏం వద్దు. ఉన్నట్టే బిగించియ్యి. బయట తెర పనిచేస్తాండాది కదా, మూసి వాడుకుంటా" అన్నాడాయన. లక్షా అరవై వేల మడత ఫోను ఇక మడత విప్పకుండా, పన్నెండు వేల ఫోను చేసే పని చేయాలి. ఫోను తీసుకుని మెట్లు దిగిపోయాడు. ఆమె వెనకాలే వెళ్లింది. నన్ను దాటేటప్పుడు నా చేతిమీద ఒక్కసారి తట్టింది, పసిపిల్లను తట్టినట్టు.

ఆ తట్టడం నేను భరించలేకపోయాను. తిట్టి ఉంటే ఊరుకునేదాన్ని. కిటికీలోంచి చూస్తే వాళ్లు కారు దగ్గరికి చేరుతున్నారు. మెట్లు ఎలా దిగానో తెలియదు. భయం తగ్గిందని కాదు, ఎక్కువైంది. ఎండలో నిలబడి, ఊపిరి అందక, "సార్" అన్నాను.

ఆయన కారు తలుపు పట్టుకుని తిరిగాడు.

"కుంకుమ పెట్టింది అమ్మ కాదు సార్. నేను. కొన్నరోజే పెట్టినాను. మీరు బయట ఫోను మాట్లాడుతున్నారు. అమ్మ వద్దని చెప్పింది. నేను వినలేదు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "పో పాపా, పో. మా ఆమెను తిడ్తాండానని అబద్ధం చెప్పేకి వచ్చినావా? ఆయమ్మే ఒప్పుకొన్యాది కదా."

అంతటితో తిరిగి వెళ్లిపోవచ్చు. చెప్పాల్సింది చెప్పాను, ఆయన నమ్మలేదు, నా ఉద్యోగం పోదు, నా మనసుకూ సర్ది చెప్పుకోవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచను. నా ఫోను తీశాను. వేళ్లు చెమటకు జారుతుంటే తాళం మూడుసార్లు తప్పు పడింది. ఆ మొదటి ఫోటో తీసి ఆయన చేతికిచ్చాను.

ఆయన రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. నా బొటనవేలు ఎర్రగా, కీలు పట్టీ మీద. పక్కన ఆమె చేయి చాపి, నోరు సగం తెరిచి ఉంది. వద్దంటోందని ఎవరికైనా తెలుస్తుంది. ఆయన ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు, ఎందుకంటే నేను నేల చూస్తున్నాను. ఇప్పుడు షోరూంకు నడుస్తాడు, ఈ ఫోటో మేనేజరు ముందు పెడతాడు. సాయంత్రం బస్సులో నేను ఎక్కడ కూర్చుంటానో కూడా నాకు కనిపించింది.

"మరి నువ్వే పెట్టినానంటివే?" అన్నాడు ఆమెతో.

ఆమె కారు అవతలివైపు తలుపు దగ్గర నిలబడి ఉంది. కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆ పాప పేరు చెప్తే ఉద్యోగం తీసేస్తారు. నువ్వు ఆడ ఎట్ల అరుస్తావో నాకు తెల్సు. నన్నయితే ఏముంది? దినాం తిడ్తావు, దినాం పడ్తా. దాంట్లో ఇదొకటి" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు. టమోటా ధర చెబుతున్నట్టు చెప్పింది.

ఆయన నా ఫోను నాకు తిరిగి ఇచ్చాడు. షోరూం వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు, అసలు నేను అక్కడ ఉన్నానన్నదే మరిచిపోయినట్టున్నాడు. కారు మీదుగా ఆమెనే చూస్తున్నాడు. పెద్ద గొంతు మనిషి, అంత నెమ్మదిగా మాట్లాడగలడని నాకు తెలియదు.

"ఇట్లాంటియి నీ మీద ఏసుకున్యేవి ఇంగెన్ని ఉండాయి?" అన్నాడు.

ఆమె తలుపు తీసుకుని కార్లో కూర్చుంది.